దాల్చినచెక్క, నలభై రోజులు

పోయిన వారం మా పిన్ని వాట్సాప్‌లో ఒక లింకు పంపింది. దాల్చినచెక్క పొడితో నలభై రోజుల్లో షుగర్ మాయమవుతుందని దాని శీర్షిక. కాసేపటికి ఫోన్ కూడా చేసింది. “చూశావటే? పరగడుపున ఒక స్పూను పొడి గోరువెచ్చని నీళ్లలో తాగితే చాలట. ఇక ఈ బిళ్ళలు ఆపేద్దామనుకుంటున్నా” అంది. ఆమె ఎనిమిదేళ్లుగా షుగర్ బిళ్ళలు వేసుకుంటోంది. “రెండు రోజులు ఆగు పిన్నీ, చదివి చెప్తాను” అన్నాను.

ఇలాంటి పేజీలను నేను కింది నుంచి పైకి చదువుతాను. అట్టడుగున చిన్న అక్షరాల్లో “ఇది వైద్య సలహా కాదు” అని ఉంది. పైన నయమవుతుందని మాట ఇచ్చి కింద చేతులు దులుపుకున్నారు. రాసింది ఎవరని చూస్తే “అడ్మిన్” అని ఉంది. డాక్టరు పేరేదైనా ఉంటే నేషనల్ మెడికల్ కమిషన్ రిజిస్టర్‌లో వెతికి చూసేదాన్ని. ఇక్కడ వెతకడానికి పేరే లేదు.

“పరిశోధనల్లో రుజువైంది” అన్న మాటకు మాత్రం లింకు ఉంది. నొక్కితే అదే సైటులోని ఇంకో వ్యాసానికి వెళ్లింది, అక్కడినుంచి మరో ఆరోగ్య పేజీకి. మూడో మెట్టు మీద అసలు పత్రం దొరికింది. 2003లో ‘డయాబెటిస్ కేర్’ అనే పత్రికలో వచ్చిన పాకిస్తాన్ అధ్యయనం అది. పత్రం నిజమైనదే. అందులో ఉన్నది వేరు, పిన్నికి అందింది వేరు.

ఆ అధ్యయనంలో పాల్గొన్నవాళ్లు 60 మంది. సగం మందికి దాల్చినచెక్క రోజుకు 1, 3 లేదా 6 గ్రాముల చొప్పున ఇచ్చారు, మిగతా సగానికి ఉత్త గోధుమపిండి నింపిన గొట్టం మాత్రలు. నలభై రోజుల తర్వాత చెక్క తిన్నవాళ్ల పరగడుపు షుగర్ 18 నుంచి 29 శాతం దాకా తగ్గింది. తగ్గింది అంతే, పోలేదు. పైగా వాళ్లంతా షుగర్ బిళ్ళలు మానకుండా వేసుకుంటూనే ఉన్నారు. సుమారు మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష అసలు చేయనేలేదు. మూడు పేజీలు చేతులు మారేసరికి “బిళ్ళలతో పాటు” అన్న మాట రాలిపోయింది, “తగ్గింది” కాస్తా “మాయం” అయింది. ఆ రాలిపోయిన మాట మా పిన్ని ప్రాణానికి సంబంధించినది.

ఒక్క చిన్న అధ్యయనంతో ఏదీ తేలదు కాబట్టి తర్వాత ఏమైందో కూడా చూశాను. 2012లో కొక్రేన్ సంస్థ ఇలాంటి పది అధ్యయనాలను కలిపి పరిశీలించింది. దాల్చినచెక్కను షుగర్‌కు సిఫారసు చేయడానికి తగిన ఆధారం లేదని తేల్చింది. పేజీలో ఆ ఊసే లేదు.

ఇక వ్యాపారం సంగతి. వ్యాసం మధ్యలో “మేం వాడేది ఇదే” అని ఒక పొడి డబ్బా బొమ్మ ఉంది. దాని మీద వేలు నొక్కిపట్టి లింకు చిరునామా చూస్తే చివర `tag=` అని కనిపించింది. ఆ దారిన మనం కొంటే రాసినవాళ్లకు కమీషన్ వెళ్తుందని దాని అర్థం. కమీషన్ ఉన్నంత మాత్రాన చెప్పింది అబద్ధం అనను. కానీ అప్పుడు పేజీ ఏం చెప్పలేదో వెతుకుతాను. మన మార్కెట్లో దాల్చినచెక్క పేరుతో దొరికేది చాలావరకు కేసియా. అందులో కౌమరిన్ అనే పదార్థం ఎక్కువ, అది కొందరికి కాలేయానికి చేటు. రోజూ తింటే 60 కిలోల మనిషికి 2 గ్రాముల కేసియాతోనే హద్దు చేరుతుందని జర్మనీ ఆహార భద్రతా సంస్థ లెక్క. స్పూను పొడి దాన్ని దాటవచ్చు. చెక్కగా కొంటే పోల్చుకోవచ్చు: కేసియా మందంగా, గట్టిగా ఒకే పొరతో ఉంటుంది, సిలోన్ చెక్క పల్చటి పొరలు చుట్టలా చుట్టుకుని ఉంటుంది. పొడి చేశాక కంటితో తేల్చలేం. ఆ డబ్బా మీద ఏ చెక్కో రాయలేదు, పేజీలో కాలేయం అన్న మాటే లేదు.

ఇదంతా పిన్నికి ఫోన్లో చదివి వినిపించాను. “అయితే వాళ్లు కూడా బిళ్ళలు వేసుకుంటూనే తిన్నారా?” అని రెండుసార్లు అడిగింది. కూరల్లో చెక్క మామూలుగా వేసుకోవచ్చని, బిళ్ళల సంగతి డాక్టరుతోనే తేల్చుకోవాలని చెప్పాను. షుగర్‌ను నయం చేస్తామని మందును ప్రచారం చేయడం మన దేశంలో 1954 నాటి చట్టం ప్రకారం నేరమన్న సంగతీ చెప్పాను.

మీ ఇంట్లోనూ పెద్దవాళ్లకు ఇలాంటి లింకులు వస్తూనే ఉంటాయి. వాళ్లు బిళ్ళల డబ్బా పక్కన పెట్టకముందే దగ్గర కూర్చుని, అసలు పత్రం దొరికేదాకా నొక్కి చూపించండి.