యుద్ధమొస్తే బంగారం పెరగాలి కదా!

2022 ఫిబ్రవరి 24న రష్యా సైన్యం ఉక్రెయిన్‌లో అడుగుపెట్టింది. ఆ రోజు ఔన్సు బంగారం 1,970 డాలర్ల దాకా ఎగబాకి, రోజు ముగిసేసరికి 1,900 దగ్గరికి దిగివచ్చింది. మళ్ళీ లేచి మార్చి 8న 2,070 డాలర్లు తాకింది. అప్పట్లో మా నేపర్‌విల్‌లో ఎవరింటికి వ్రతానికి వెళ్ళినా, రూట్ 59 మీద కూరగాయల దగ్గర ఎవరు ఎదురైనా ఒకటే మాట: "యుద్ధం కదండీ, ఇంకా పెరుగుతుంది." ఆ నమ్మకంతో చాలామంది కొన్నారు కూడా.

యుద్ధం ఆగలేదు. దానికి తోడు జూన్ నాటికి అమెరికాలో ధరల పెరుగుదల 9.1 శాతానికి చేరింది, నలభై ఏళ్ళలో ఎన్నడూ లేనంత. పాలు, గుడ్లు, పెట్రోలు అన్నీ మండిపోతున్నాయి. బంగారం పెరగడానికి మన పెద్దలు చెప్పే కారణాలు రెండూ కళ్ళముందే ఉన్నాయి. అయినా నవంబర్ మొదటి వారానికి ఔన్సు ధర 1,630 డాలర్ల దరిదాపులకి పడిపోయింది. మార్చి 8న కొన్నవారి సొమ్ములో ఎనిమిది నెలల్లో ఐదో వంతు పైగా కరిగిపోయింది.

ఇక్కడి తెలుగు కుటుంబాలకి చాలాకాలంగా జమాఖర్చుల లెక్కలు చూసిపెడుతున్నాను. బంగారం ధర గమనించడం నాకు రోజువారీ అలవాటు. ఆ ఏడాది నన్ను పట్టుకుని అడిగినవాళ్ళందరి ప్రశ్నా ఇదే: వార్తలన్నీ బంగారానికి అనుకూలంగా ఉంటే ధర ఎందుకు పడింది? దీనికి జవాబు తెలిస్తే ఆ తర్వాతి ఏడాది మార్చిలో బ్యాంకులు కూలినప్పుడు జరిగింది కూడా అర్థమవుతుంది. రెండూ ఒకే కథలోని భాగాలు.

బంగారం వడ్డీ ఇవ్వదు. లాకర్‌లో పదేళ్ళున్నా పది గ్రాములు పది గ్రాములే. కాబట్టి పెద్ద మొత్తాలు నడిపేవాళ్ళు ఎప్పుడూ చూసేది ఒక్కటే: ఆ డబ్బు ప్రభుత్వ బాండ్లలో పెడితే, ధరల పెరుగుదల పోను చేతికి మిగిలేది ఎంత? దాన్ని నిజ వడ్డీ అందాం. ధరల పెరుగుదలకి తగ్గట్టు అసలును పెంచి ఇచ్చే బాండ్లని అమెరికా ప్రభుత్వమే అమ్ముతుంది, టిప్స్ అంటారు. వాటి వడ్డీ చూస్తే ఈ సంఖ్య నేరుగా కనబడుతుంది. 2022 మార్చి మొదట్లో పదేళ్ళ టిప్స్ మీద వడ్డీ సున్నాకి ఒక శాతం కింద ఉంది. అంటే బాండు కొంటే ఏటా కొంత నష్టపోవడానికి ఒప్పుకున్నట్టే. అలాంటప్పుడు వడ్డీ రాని బంగారం దాచుకోవడం వల్ల పోయేదేమీ లేదు.

ధరల మంట చూసి ఫెడరల్ రిజర్వ్ మార్చిలో వడ్డీ పెంచడం మొదలుపెట్టింది. సున్నా దగ్గర ఉన్న రేటుని నవంబర్‌కల్లా దాదాపు 4 శాతానికి తీసుకెళ్ళింది. టిప్స్ వడ్డీ ఒకటిన్నర శాతం దాటింది. ఏ ప్రమాదమూ లేకుండా, ధరల పెరుగుదల పోను ఒకటిన్నర శాతం వస్తుంటే లాకర్‌లోని బిస్కెట్‌కి గట్టి పోటీ వచ్చినట్టే. పైగా ఆ వడ్డీ కోసం ప్రపంచం డబ్బంతా డాలర్లలోకి మళ్ళి డాలరు బలపడింది. డాలరు బలపడితే డాలర్లలో చెప్పే బంగారం ధర తగ్గుతుంది. ధరల భయం బంగారాన్ని పైకి నెడుతుంది, నిజమే. కానీ ఆ భయాన్ని అణచడానికి వడ్డీ పెంచితే అది కిందికి లాగుతుంది. 2022లో లాగినదే గెలిచింది.

అదే ఏడాది గుంటూరులో ఉన్న మా వదిన మాత్రం ఫోన్‌లో వేరే కథ చెప్పింది. "పడిందంటున్నావు గానీ, ఇక్కడేం పెద్దగా తగ్గలేదమ్మా" అంది. ఆవిడ మాట నిజమే. లెక్క వేసి చూద్దాం. మార్చి 8న ఔన్సు 2,070 డాలర్లు. ఔన్సుకి 31.1 గ్రాములు కనుక పది గ్రాములు సుమారు 665 డాలర్లు. అప్పటి రూపాయి విలువ 77 చొప్పున 51,200 రూపాయలు. దిగుమతి సుంకం, సెస్సు కలిపి 10.75 శాతం వేస్తే 56,700. నవంబర్‌కి వద్దాం. 1,630 డాలర్ల మీద పది గ్రాములు 524 డాలర్లు. డాలరు దాదాపు 83కి చేరింది కనుక 43,500 రూపాయలు. మధ్యలో జులై 1న ప్రభుత్వం సుంకాన్ని 15 శాతానికి పెంచింది, అది కలిపితే 50,000. జీఎస్టీ రెండుసార్లూ ఒకటే కాబట్టి పక్కన పెట్టాను. నేపర్‌విల్‌లో 21 శాతం పడిన బంగారం గుంటూరులో 12 శాతమే పడింది. రూపాయి దిగడం, సుంకం ఎక్కడం మిగతా దెబ్బని కాచాయి. అందుకే రూపాయల్లో సంపాదించేవాళ్ళకి బంగారం ఇచ్చే ధైర్యం, డాలర్లలో జీతం తీసుకునే మనకి అదే కొలతలో ఇవ్వదు. అమ్మ దగ్గర నేర్చుకున్న లెక్క ఇక్కడికి వచ్చాక మారాలి. చాలామంది మార్చుకోరు, నాకు బాధ కలిగించేది అదే.

ఇక బ్యాంకుల సంగతి. ఫెడరల్ రిజర్వ్ ఏ వడ్డీ పెంపుతో బంగారాన్ని కిందికి లాగిందో, ఆ పెంపే సిలికాన్ వ్యాలీ బ్యాంకుని ముంచింది. వడ్డీ తక్కువున్న రోజుల్లో ఆ బ్యాంకు డిపాజిట్‌దారుల డబ్బుతో దీర్ఘకాలపు బాండ్లు కొనిపెట్టుకుంది. వడ్డీ పెరిగితే పాత బాండ్ల విలువ పడిపోతుంది. ఆ నష్టం బయటపడ్డాక 2023 మార్చి 9న ఒక్క రోజులో డిపాజిట్‌దారులు 4,200 కోట్ల డాలర్లు వెనక్కి అడిగారు. మర్నాడు బ్యాంకు మూతపడింది. ఆదివారం నాటికి న్యూయార్క్‌లో సిగ్నేచర్ బ్యాంకు కూడా. ఆ గురువారం 1,830 డాలర్ల దగ్గరున్న బంగారం మరుసటి వారాంతానికి 1,980 దాటింది.

జనం భయపడి కొన్నారు, నిజమే. కానీ అదే వారంలో 5 శాతం పైనున్న రెండేళ్ళ ప్రభుత్వ బాండ్ల వడ్డీ 4 శాతం దిగువకు జారింది. బ్యాంకులు కూలుతుంటే ఫెడ్‌కి ఇక వడ్డీ పెంచడం కుదరదు, తగ్గించాల్సి వస్తుందని మార్కెట్ లెక్కేసింది. ముందటి ఏడాది బంగారానికి పోటీగా వచ్చిన వడ్డీయే ఇప్పుడు వెనక్కి తగ్గింది.

ఆ శనివారం మా వీధిలో ఉండే అమ్మాయి ఫోన్ చేసింది.

"అక్కా, బ్యాంకులోది తీసేసి బంగారం కొనేద్దామంటున్నారు మా ఆయన. వాట్సాప్‌లో అందరూ అదే చెబుతున్నారట."

"ఎంతుంది తల్లీ అందులో?"

"అరవై వేలుంటుంది. జులైలో ఇల్లు కొనాలి కదా, దానికని దాచాం."

ఎఫ్‌డీఐసీ బీమా ఒక బ్యాంకులో ఒక్కొక్కరికి 2,50,000 డాలర్ల దాకా ఉంటుంది. భార్యాభర్తల జాయింట్ అకౌంట్‌కైతే మొత్తం 5,00,000. వాళ్ళ అరవై వేలకి ఏ బ్యాంకు మునిగినా ముప్పు లేదు. సిలికాన్ వ్యాలీ బ్యాంకు దగ్గర పరుగు తీసింది బీమా హద్దుకి ఎన్నో రెట్లు దాచుకున్న కంపెనీలు. వాళ్ళకి ఆ భయం న్యాయమే. అదే వార్త ఈ దంపతులకి వర్తించదు. పైగా నాలుగు నెలల్లో ఇంటికి కట్టాల్సిన డబ్బు అది.

వాళ్ళు కొనాలనుకున్నది బిస్కెట్ కూడా కాదు, డెవాన్ అవెన్యూలో ఒక హారం, ఎలాగూ పెట్టుకోవచ్చు కదా అని. దాని లెక్క కూడా ఆ అమ్మాయితో ఫోన్‌లోనే వేయించాను. బంగారం 1,980 డాలర్లుంటే 22 క్యారెట్లది గ్రాము 58 డాలర్ల పైచిలుకు. 40 గ్రాముల హారంలో బంగారం విలువ సుమారు 2,330. మజూరీ, తరుగు కలిపి 12 శాతం అనుకుంటే 2,610. దాని మీద అమ్మకపు పన్ను పది శాతం పైన, మొత్తం 2,880 దాకా. మర్నాడే వెనక్కిస్తే కొట్టువాళ్ళు బంగారానికే వెల కడతారు, అందులోనూ కొంత తీస్తారు. కొన్న ధర తిరిగి రావాలంటే బంగారం 23 శాతం పైనే పెరగాలి. ఆ బ్యాంకు సంక్షోభానికి అప్పటిదాకా పెరిగింది 8 శాతం. ఆభరణంగా కొనుక్కోవడం వేరు, సంతోషంగా కొనుక్కోవాలి. డబ్బుకి రక్షణగా మాత్రం అది నిలబడదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. భయం మరీ ముదిరితే బంగారం పడుతుంది. 2020 మార్చిలో కోవిడ్‌తో షేర్లు కుప్పకూలినప్పుడు 1,700 డాలర్ల దగ్గరున్న బంగారం పది రోజులలోపే 1,470కి దిగింది. షేర్ల మీద అప్పులు చేసినవాళ్ళకి వెంటనే నగదు కావలసివచ్చి, లాభంలో ఉన్నది ఏదైతే అది అమ్మారు. అప్పుల ఒత్తిడి లేకుండా పట్టుకుని కూర్చున్నవాళ్ళు అదే ఏడాది ఆగస్టులో 2,000 డాలర్లు దాటడం చూశారు. షేర్లు, బంగారం కలిసి పడుతున్నాయంటే నగదుకి కటకట వచ్చిందని గుర్తు.

నిజ వడ్డీ సూత్రం కూడా అన్నివేళలా పనిచేయదు. 2024లో టిప్స్ వడ్డీ 2 శాతం దరిదాపుల్లో ఉండగానే బంగారం కొత్త రికార్డులు కొట్టింది. రష్యా విదేశీ నిల్వల్లో దాదాపు 30,000 కోట్ల డాలర్లని పశ్చిమ దేశాలు స్తంభింపజేశాక, డాలర్లలో దాచుకుంటే రేపు మనకీ ఇదే గతి కావచ్చని కొన్ని దేశాలు ఆలోచనలో పడ్డాయి. 2022 నుంచి వరుసగా మూడేళ్ళు కేంద్ర బ్యాంకులు ఏడాదికి వెయ్యి టన్నుల పైనే కొన్నాయి. వాళ్ళకి వడ్డీతో పనిలేదు, ఎవరూ స్తంభింపజేయలేని ఆస్తి కావాలి. యుద్ధం బంగారాన్ని పెంచిందన్న మాట ఆలస్యంగా, వేరే దారిలో నిజమైంది. 2025 అక్టోబర్‌లో ఔన్సు 4,000 డాలర్లు దాటింది. ఆ ధర చూసి 2022 మార్చిలో కొన్నవాళ్ళు సరైన పనే చేశారని అనవచ్చు. ఏడాదిన్నర పైన నష్టంలో ఉండి కూడా అమ్మకుండా ఓపిక పట్టగలిగినవాళ్ళ విషయంలో అది నిజం. పిల్లల కాలేజీ ఫీజు కోసం ఆ నవంబర్‌లో అమ్ముకున్నవాళ్ళూ నాకు తెలుసు.

ఈ వారం బంగారం కొనే ఆలోచన ఉన్నవాళ్ళు రెండు పనులు చేయండి. మీ బ్యాంకు డిపాజిట్లు ఎఫ్‌డీఐసీ హద్దు లోపల ఉన్నాయో లేదో ముందు చూసుకోండి. తర్వాత కొట్టులో బిల్లు మీద బంగారం వెల, మజూరీ, పన్ను విడివిడిగా రాయించుకుని, తిరిగి ఇస్తే ఏ లెక్కన తీసుకుంటారో డబ్బు కట్టకముందే అడగండి.