పైత్యనాళంలో అడ్డంకి: మందు ముందు, దారి వెంటనే

కాలేయంలో పుట్టిన పైత్యరసం సన్నని నాళం గుండా చిన్నప్రేగులోకి చేరుతుంది; పిత్తాశయం నుంచి జారిన రాయి ఆ నాళం చివర ఇరుక్కుంటే, నిలిచిపోయిన రసంలో ప్రేగులోని సూక్ష్మక్రిములు చేరి పెరుగుతాయి, లోపలి ఒత్తిడి హెచ్చి ఆ క్రిములను కాలేయం గుండా నేరుగా రక్తంలోకి నెడుతుంది. తీవ్ర కోలాంజైటిస్ అనే ఈ జబ్బుకు వణుకుతో కూడిన జ్వరం, కామెర్లు, కుడి డొక్క పైభాగపు నొప్పి అనే మూడు గుర్తులను 1877లో ఫ్రెంచి వైద్యుడు షార్కో చెప్పాడు. మూడూ కలిసి కనబడని రోగులు చాలామంది ఉంటారు గనుక, కామెర్లతోపాటు చలిజ్వరం వచ్చిన మనిషిని పసరుమందు కోసం తిప్పడం ప్రాణాంతకమైన జాప్యమని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పల్లెల్లో గట్టిగా చెప్పవలసి ఉంది.

ఉదాహరణకు ధర్మవరంలో మగ్గం పని చేసుకునే 60 ఏళ్ల స్త్రీ, 50 కిలోల బరువు గలది, 103 డిగ్రీల జ్వరంతో ఆసుపత్రికి చేరిందని ఊహించవచ్చు. బిలిరుబిన్ 6, తెల్లకణాలు 18,000, స్కానింగులో నాళం వెడల్పు 12 మిల్లీమీటర్లు. ప్రేగులోని గాలి నాళం కింది భాగాన్ని కప్పివేస్తుంది కాబట్టి స్కానింగులో రాయి కనబడకపోయినా, ఉబ్బిన నాళమే చాలినంత సాక్ష్యం. టోక్యో మార్గదర్శకాల ప్రకారం 102 డిగ్రీలు దాటిన జ్వరం, 12,000 దాటిన తెల్లకణాలు, 5కు చేరిన బిలిరుబిన్ వంటి వాటిలో రెండు ఉన్నా అది మధ్యమ తీవ్రత. రక్తపోటు పడిపోవడం, మాట తడబడి స్పృహ మసకబారడం, మూత్రపిండాలు దెబ్బతినడం వంటివి తోడైతే అది అత్యంత తీవ్రమైన దశ.

మొదటి మోతాదు యాంటీబయాటిక్‌ను రక్తపోటు పడిపోయినవారికి గంటలోపు, మిగిలినవారికి ఆరు గంటలలోపు ఇవ్వాలి. దానికి ముందే కల్చరు పరీక్షకు, అంటే ఏ క్రిమి పెరుగుతుందో, అది ఏ మందుకు లొంగుతుందో తేల్చే పరీక్షకు, రక్తం తీయాలి; అయితే దాని కోసం మందును ఆపకూడదు. ఈ జబ్బులో ఎక్కువగా దొరికేవి ఈ.కోలై, క్లెబ్సియెల్లా, వాటి వెనుక ఎంటెరోకాకస్; నాళాన్ని ప్రేగుకు కలిపిన ఆపరేషను ఇదివరకే జరిగి ఉంటే, ప్రాణవాయువు లేనిచోట బతికే క్రిములను కూడా లెక్కలోకి తీసుకోవాలి. ప్రతిచోటా దొరికే సెఫ్ట్రియాక్సోన్ ఎంటెరోకాకస్‌పై పనిచేయదు. పైగా ఐసీఎంఆర్ ఏటా ప్రకటించే లెక్కల్లో దేశంలోని పెద్ద ఆసుపత్రుల ఈ.కోలై, క్లెబ్సియెల్లాలలో ఎక్కువ భాగం ఆ తరగతి మందులకు లొంగడం లేదు. కనుక తేలికపాటి జబ్బుకు దానితో మొదలుపెట్టినా, ఈ స్త్రీ వంటి రోగికి పైపెరాసిలిన్-టాజోబాక్టం 4.5 గ్రాములు సముచితం. రక్తపోటు పడిపోయినవారికి, ఇటీవల ఆసుపత్రిలో ఉండి వచ్చినవారికి మెరోపెనెం ఎంచుకోవడం న్యాయమే. జెంటామైసిన్, అమికాసిన్ వంటివి పైత్యంలోకి సరిగా చేరవు, కామెర్లున్నవారి మూత్రపిండాలను సులభంగా దెబ్బతీస్తాయి.

మందుకు ఒక హద్దు ఉన్నది, అది మరువరానిది. నాళం మూసుకుపోయినప్పుడు కాలేయం పైత్యాన్ని సరిగా వదలదు, దానితోపాటు వెళ్లవలసిన మందూ నాళంలోకి చేరదు. మందు రక్తంలోని క్రిములను అణచగలదే గాని నాళంలోని చీమును తీయలేదు. అందుకే రెండవ ఉదయం ఆ స్త్రీకి జ్వరం తగ్గినంత మాత్రాన గండం గడిచిందనుకోరాదు, పారాసిటమాల్ కూడా జ్వరాన్ని దించుతుంది. చూడవలసినవి రక్తపోటు, స్పృహ, మూత్రం. గంటకు 25 మిల్లీలీటర్లకు మూత్రం తగ్గితే, రక్తపోటు 90 కిందికి దిగితే, రాత్రయినా నాళానికి దారి తెరవవలసిందే.

ఆ దారి నోటి గుండా పంపే ఎండోస్కోపుతో, ఈఆర్‌సీపీ అనే పద్ధతిలో తెరుస్తారు. నాళపు ముఖద్వారం గుండా సన్నని గొట్టాన్ని, అంటే స్టెంట్‌ను, అమరిస్తే చీము ప్రేగులోకి జారుతుంది. నీరసించిన రోగిలో అంతటితో ఆపి రాయిని తర్వాత తీయడమే వివేకం. 1992లో హాంకాంగ్ వైద్యులు 82 మంది తీవ్ర రోగులలో ఈ పద్ధతినీ పొట్ట తెరిచే ఆపరేషనునూ పోల్చగా, ఆసుపత్రి మరణాలు వరుసగా నూటికి 10, 32గా తేలాయి. ఎండోస్కోపీ కుదరనిచోట, చర్మం, కాలేయం గుండా సూదితో గొట్టం వేసే మార్గం ఉన్నది.

మధ్యమ తీవ్రతకు ఒకటి రెండు రోజులలో, షాక్‌కు 12 గంటలలోపు ఈ పని కావాలి. హిందూపురం నుంచి బెంగళూరుకు దాదాపు నూరు కిలోమీటర్లు. పెనుకొండ జాతీయ రహదారిపైనే ఉన్నది. దూరం కన్నా, ముందుగా వాకబు చేయకుండా బయలుదేరి, ఈఆర్‌సీపీ లేని చోటికి చేరి మళ్లీ తిరగడమే ఎక్కువ గంటలను మింగుతుంది. కాబట్టి పంపే వైద్యుడు ఆ సౌకర్యం ఆ రోజు ఉన్నదో లేదో ఫోనులో తెలుసుకొని, ఇచ్చిన మందు పేరు, మోతాదు, సమయం చీటీలో రాసి, సెలైన్‌తో పంపడం సముచితం. కల్చరు ఫలితం రెండు మూడు రోజుల తర్వాత వస్తుంది, దాన్ని రోగిని చేర్చుకున్న ఆసుపత్రికి తెలపాలి. నాళం తెరిచాక మందు సాధారణంగా నాలుగు నుంచి ఏడు రోజులు సరిపోతుంది, ఆ పైన పిత్తాశయాన్ని తొలగించే ఆపరేషనుకు తేదీ కుదుర్చుకోవాలి.