కష్టం ఒక్క ముక్క, తేదీలు రెండు

ఆళ్లగడ్డలో మా బంధువుల పిల్లోడికి హైదరాబాద్ కంపెనీ వాళ్లు మర్నాడు ఉదయం 11 గంటలకు వీడియో ఇంటర్వ్యూ పెట్టారు. ఆ సాయంత్రమే వాళ్ల నాయనకు, శిల్పాల షెడ్డులో పని చేస్తుండగా, ఛాతీ నొప్పి వచ్చింది. నంద్యాల తెచ్చి ఆసుపత్రిలో చేర్చారు. వార్డు బయట కూర్చుని రాసిన మెయిల్‌ను నాకు చూపించి, "పంపేదా చిన్నాయనా?" అన్నాడు.

నొప్పి ఎప్పుడు మొదలైంది, డాక్టరు ఏమన్నాడు, అన్నీ రాశాడు. మూడుసార్లు క్షమించమన్నాడు. చివర్లో "దయచేసి ఇంకో రోజు ఇవ్వండి" అన్నాడు.

టెలిగ్రాం మీద నాకున్న మోజు ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలిసిందే. 2013 జులైలో ఆ సేవ ఆగిపోయినప్పుడు ఇక్కడే బాధపడ్డాను. మాటకింత అని డబ్బు కట్టాల్సి వచ్చేది కాబట్టి, ఎంత దుఃఖంలో ఉన్నవాళ్లయినా ఫారం మీద ఒక్కో మాటా కొట్టేసుకుంటూ వచ్చేవాళ్లు. "ఫాదర్ సీరియస్, స్టార్ట్ ఇమ్మీడియట్లీ." నాలుగు మాటలు. అందుకున్న కొడుకు ఏ ఊళ్లో ఉన్నా బస్సెక్కేవాడు. ఈ మెయిల్‌నూ అలాగే కోసేద్దామని కూర్చున్నాను.

కానీ టెలిగ్రాం అందుకున్నవాడు బయలుదేరితే చాలు, జవాబు రాయక్కర్లేదు. రిక్రూటరుకు అలా కుదరదు. ఇంటర్వ్యూ చేసేది వేరేవాళ్లు. వాళ్లను అడిగి, ఖాళీ సమయం చూసి, కొత్త లింకు పంపాలి. మన మెయిల్‌నే వాళ్లకు ఫార్వర్డ్ చేయొచ్చు కూడా. అప్పుడు నాయన జబ్బు వివరాలు ముక్కూమొహం తెలియని నలుగురి చేతుల్లో పడతాయి. "ఇంకో రోజు" అంటే, "ఏ రోజు?" అని తిరిగి అడగాల్సి వస్తుంది. అలాంటి ప్రశ్న వచ్చిందంటే మన మెయిల్‌లో లోటుందన్నమాటే.

అందుకని కష్టాన్ని తగ్గించి, మిగతాది పెంచాం. ఇంటర్వ్యూ పిలుపు వచ్చిన మెయిల్‌కే రిప్లై ఇచ్చాడు, పాత వివరాలన్నీ కిందే ఉంటాయని. సబ్జెక్టులో పేరు, ఉద్యోగం, తేదీ, "సమయం మార్చమని మనవి" అని పెట్టాడు. లోపల ఇలా రాశాడు: "మా నాన్నగారిని అత్యవసరంగా ఆసుపత్రిలో చేర్చాం. రేపు 11 గంటల ఇంటర్వ్యూకు హాజరు కాలేను. ఈ ఉద్యోగంపై ఆసక్తి అలాగే ఉంది. సోమవారం మధ్యాహ్నం 2 తర్వాత గానీ, మంగళవారం ఉదయం గానీ మీకు వీలవుతుందా? ఇబ్బంది కలిగించినందుకు క్షమించండి." కింద ఫోన్ నంబరు.

"రిపోర్టులు జత చేసేదా?" అన్నాడు. అడగనిదే వద్దన్నాను.

సోమవారానికి వాడి ఇంకో చిన్నాన్న ఊరి నుంచి వచ్చి ఆసుపత్రిలో ఉంటానన్నాడు కాబట్టే ఆ రోజులు రాశాం. ఎవరూ తోడు లేకపోతే, "శుక్రవారం సాయంత్రంలోగా తేదీ చెబుతాను" అని రాసి, ఆ మాట నిలబెట్టుకోవాలి. ఇంటర్వ్యూకు గంటా రెండు గంటలే ఉంటే ముందు ఫోన్ చేసి, తర్వాత మెయిల్ పెట్టాలి. క్యాలెండర్‌లో డిక్లైన్ నొక్కి ఊరుకుంటే, ఉద్యోగమే వద్దనుకున్నాడని అవతలివాళ్లు అనుకోవచ్చు.

పొదుపు మీద నాకు గురి పోలేదు. అయితే పొదుపు చేయాల్సింది మన బాధ చెప్పే చోట. అవతలివాడికి పని తేలికయ్యే చోట నాలుగు మాటలు ఎక్కువే రాయాలి.