మిగిలిన సరుకు కూడా రాయండి

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటి అరకులోయనూ కుదిపేసింది. సిల్వర్ ఓక్ చెట్లు కూలి కాఫీ మొక్కల మీద పడ్డాయి. అలాంటి గాలివాన కొట్టు పైకప్పు రేకులు ఎగరగొడితే, మర్నాడు పొద్దున్నే చీపురు పట్టాలనిపిస్తుంది. కానీ బీమా పాలసీ ఉన్నవాళ్లు ముందు ఫొటోలు తీసి, కాగితం పట్టి నష్టం జాబితా రాయాలి. సర్వేయర్ చూసేదాకా తడిసిన సరుకైనా పారేయకూడదు.

ఆ జాబితా ఎలా ఉండాలో రోడ్డుపక్క కాఫీ కొట్టొకటి ఊహించుకుని చూద్దాం.

| సరుకు | ఎంత | కొన్న ధర | స్థితి | నష్టం (రూ.) |
|---|---|---|---|---|
| కాఫీ పొడి, 200 గ్రా. | 400 ప్యాకెట్లు | 125 | తడిసింది, పనికిరాదు | 50,000 |
| తేనె సీసాలు | 100 | 180 | పగిలాయి | 18,000 |
| పసుపు కొమ్ములు | 200 కిలోలు | 100 | తడిసినా 8,000కి అమ్ముడవుతుంది | 12,000 |

ధర గడిలో కొన్న ధరే వేయాలి. అమ్మే ధర వేస్తే లాభం కూడా అడిగినట్టవుతుంది, సర్వేయర్ దాన్ని కొట్టేస్తాడు. స్థితి గడిలో 'పాడైంది' అని ఒక్కమాట రాస్తే చాలదు. పసుపు ఎండబెడితే ఎంతోకొంత వస్తుంది. ఆ మొత్తాన్ని మనమే తీసేసి చూపిస్తే మిగతా వరసల మీదా నమ్మకం కుదురుతుంది. ఇక్కడ మరో చిక్కుంది. సంతలో రైతు దగ్గర కొన్న పసుపుకి బిల్లుండదు. అందుకే కొన్ననాడే తేదీ, సంత పేరు, కిలోలు, ధర పుస్తకంలో రాసుకోవాలి. ఫోన్‌లో డబ్బు పంపితే ఆ లెక్క దానికి తోడవుతుంది.

మొత్తం నష్టం 80,000. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. కానీ చెక్కుచెదరని సరుకు కూడా అదే పద్ధతిలో వేరే కాగితం మీద రాయాలి. ఎందుకంటే తుఫాను ముందు కొట్లో మొత్తం ఎంత సరుకుందో సర్వేయర్ లెక్క కడతాడు. అది 4 లక్షలని తేలి, పాలసీ 3 లక్షలకే ఉంటే, బీమా ముప్పావు వంతుకే ఉన్నట్టు. నష్టంలోనూ ముప్పావు వంతే, అంటే 60,000 లెక్కకొస్తుంది. అందులోంచి పాలసీలో రాసిన మినహాయింపు కూడా పోతుంది. 2021లో వచ్చిన భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీలో 15 శాతం దాకా లోటుంటే ఈ కోత పడదు. మన కొట్టులో లోటు 25 శాతం.

మిగిలిన సరుకు రాయకపోతే కోత తప్పుతుందనుకోవద్దు. సర్వేయర్ కొనుగోలు, అమ్మకాల పుస్తకాలు తిరగేసి తనే అంచనా వేస్తాడు. అది ఎక్కువైందని వాదించడానికి మన చేతిలో కాగితం ఉండదు.

అరకులో ఈ లోటు సులువుగా వస్తుంది. వేసవిలో పాలసీ తీసుకున్నప్పుడు 3 లక్షలు సరిపోతాయి. చలికాలం పర్యాటకుల కోసం అక్టోబరులో సరుకు దించుతారు, అదే తుఫాన్ల కాలం. సరుకు దించకముందే ఏజెంటుకి ఫోన్ చేసి బీమా మొత్తం పెంచమనండి.