జ్వరం ఎవరికి?

అయిజ దగ్గర ఒక తల్లి, ఆరో తరగతి చదివే కూతురి కోసం బడికి సెలవు చీటీ రాయించిందనుకుందాం. రాసేది కూతురే. నోటు పుస్తకంలోంచి చింపిన కాగితం మీద ఇలా ఉంటుంది:

‘గౌరవనీయులైన హెచ్‌ఎం సారుకు, నా కూతురు 6వ తరగతి చదువుతున్నది. నాకు జ్వరం వచ్చి ఒంట్లో బాగలేనందున కారణంగా 18 నుండి 22 వరకు ఆరు రోజులు స్కూలుకు రాలేకపోతున్నాను. కావున తమరు మీ దయతో లీవు ఇవ్వగలరు. ఇట్లు మీ విధేయుడు.’ కింద అమ్మ సంతకం.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ బడుల్లో ఇలాంటి చీటీ కొత్తేమీ కాదు. ఇందులో అక్షర దోషాల కన్నా పెద్ద చిక్కు ఒకటుంది. జ్వరం తల్లికా, పిల్లకా? మొదటి వాక్యం తల్లి పలికింది, రెండోది పిల్ల పలికింది. తెలుగు వాచకంలో పిల్లలు నేర్చేది విద్యార్థి తరఫున రాసే లేఖ. అమ్మ చెబుతుంటే చెయ్యి ఆ అచ్చులోకే జారిపోతుంది. అందుకే దిద్దేటప్పుడు ముందుగా చూడాల్సింది ‘నేను’ ఎవరన్నది. సంతకం తల్లిదైతే ‘నేను’ అంతటా తల్లే కావాలి, జబ్బు ‘నా కూతురికి’ రావాలి, చివర ‘విధేయురాలు’ ఉండాలి.

పాలమూరులో దీనికి ఇంకో మెలిక ఉంది. అమ్మానాన్నలు పనుల కోసం పుణెకో, హైదరాబాదుకో వలసపోతే పిల్లలు అవ్వాతాతల దగ్గర ఉంటారు. అప్పుడు తాత సంతకం పెట్టి పక్కన ‘తండ్రి’ అని రాయడం తప్పు. ‘నా మనవరాలికి’ అని మొదలుపెట్టి, సంతకం కింద ‘సంరక్షకుడు, తాత’ అని రాస్తే చాలు. రేపు పిల్లకు జ్వరం ఎక్కువైతే సారు ఎవరికి ఫోన్ చేయాలో కాగితమే చెబుతుంది.

ఇక రోజుల లెక్క. 18 నుంచి 22 దాకా అయిదే రోజులు, ఆరు కాదు. మొదటి, చివరి తేదీలు రెండూ కలిపి వేళ్ల మీద లెక్కబెట్టాలి. 2025 ఆగస్టునే తీసుకోండి: 16న కృష్ణాష్టమి, 17 ఆదివారం. పొక్కులు 16ననే వచ్చినా, సెలవు అడగాల్సింది సోమవారం 18 నుంచి. శనివారం 23 దాకా కావాలంటే ఆరు రోజులు.

పొక్కులు అన్నాను కదా. చీటీలో ‘జ్వరం’ అని ఉన్నా చాలాసార్లు అసలు సంగతి ఆటలమ్మ. అమ్మవారి పేరు కాగితం మీద పెట్టడానికి పెద్దవాళ్లు జంకుతారు. ఆ భయభక్తులను నేను తీసిపారేయను. కానీ ఇక్కడ జబ్బు పేరు రాయక తప్పదు. పొక్కులు పైకి కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే, అన్నీ ఎండి పక్కు కట్టేదాకా అది పక్క పిల్లలకు అంటుతుంది. పేరు తెలిస్తే టీచరు అదే బెంచీ మీద కూర్చున్న పిల్లలను కనిపెట్టి చూస్తుంది.

నడిగడ్డలో అయితే సారుకు ఇంకో అనుమానం కూడా ఉంటుంది. పత్తి విత్తనాల చేలలో క్రాసింగ్ పని జోరుగా సాగే రోజుల్లో ‘జ్వరం’ చీటీలు వస్తే, పిల్ల మంచంలో ఉందా, చేనులో ఉందా? ‘దయతో’, ‘ప్రార్థన’ ఎన్నిసార్లు రాసినా ఆ అనుమానం తీరదు. జబ్బు మొదలైన తేదీ, డాక్టరు చెప్పిన మాట, మందుల చీటీ నకలు తీరుస్తాయి.

వాక్యాల్లో మిగిలినవి చిన్న దిద్దుబాట్లు. ‘బాగలేనందున’లోనే కారణం ఉంది, మళ్లీ ‘కారణంగా’ అక్కర్లేదు. ‘తమరు’ అని మొదలుపెట్టాక ‘మీ’లోకి దిగకూడదు. ‘లీవు ఇవ్వగలరు’ అని ఆపేస్తే అడిగినట్టు ఉండదు, ‘గలరని మనవి’ అంటేనే వాక్యం ముగుస్తుంది. దిద్దాక:

అయిజ, 18.08.2025

ప్రధానోపాధ్యాయులు గారికి,
జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల, అయిజ.

విషయం: 6వ తరగతి, బి సెక్షన్ విద్యార్థిని (పేరు, రోల్ నంబరు) అనారోగ్య సెలవు గురించి.

ఆర్యా,
నా కూతురికి 16వ తేదీన ఆటలమ్మ పోసింది. పొక్కులు ఎండేదాకా బడికి పంపవద్దని డాక్టరు చెప్పారు. కాబట్టి 18.08.2025 నుంచి 23.08.2025 వరకు ఆరు రోజులు ఆమెకు సెలవు మంజూరు చేయగలరని మనవి. మందుల చీటీ నకలు జతపరిచాను.

ఇట్లు,
తమ విధేయురాలు
(సంతకం, పేరు, తల్లి, ఫోన్ నంబరు)

పైన కొందరు ‘దివ్యసముఖమునకు’ అని చేరుస్తారు. సంస్థానాల దర్బారుకు అది సరిపోయేదేమో గానీ ఆటలమ్మ చీటీకి బరువు. హెడ్‌మిస్ట్రెస్ ఉన్న బడైతే ‘ఆర్యా’ బదులు ‘అమ్మా’ అనవచ్చు.

23 నాటికి పొక్కులు ఎండకపోతే పాత చీటీ మీద తేదీ కొట్టేసి దిద్దకండి. పాత తేదీలను ప్రస్తావిస్తూ, 25 నుంచి పొడిగింపు కోరుతూ ఇంకో కాగితం రాయాలి. వట్టెం నవోదయ లాంటి సీబీఎస్‌ఈ బడుల్లో పది, పన్నెండు తరగతుల పిల్లలకు ఇది మరీ అవసరం. అక్కడ పరీక్షకు 75 శాతం హాజరు ఉండాలి. జబ్బు వల్ల తగ్గిందని మినహాయింపు కోరితే డాక్టరు కాగితాలతో పాటు చూసేది ఈ చీటీలనే.