భారత వీథినాటకములందు పణవృద్ధి

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములందలి ధర్మరాజు గుడులకడ, ద్రౌపదమ్మ గుడులకడ భారతోత్సవములు జరుగుచుండును. పగలు భారతకథను హరికథగా చెప్పుదురు. రాత్రి దానినే వీథినాటకముగా ఆడుదురు. కథాకాలము సాధారణముగ పదునెనిమిది దినములు. కడపటి దినమున దుర్యోధనవధయు, అటుపిమ్మట అగ్నిగుండ ప్రవేశమును జరుగును. తమిళ సరిహద్దునకు చేరువనున్న కుప్పము వైపున ఈ ఆటకు తెరుకూత్తు అను పేరు కూడ కలదు.

కడపటి దినమున జనహృదయము ఎట్టి భారముతో కదలునో ఆ మిట్టలపై నిలిచి చూచినవారెరుగుదురు. ఈ బలమునకు కారణము భక్తియనియు, నేలపై పరుండబెట్టిన బృహత్ మృణ్మయ దుర్యోధన విగ్రహమనియు చెప్పుట కలదు. భక్తి తొలిరాత్రియు నుండును. అర్జున తపస్సునాడు నిలువెత్తు మానెక్కిన నటుడు కన్నులకు అంతకంటె అద్భుతము. కావున కారణమును కథాసంవిధానమునందే వెదకవలయునని మా అభిప్రాయము. ఒక్కొక్క రాత్రి నాయకులు ఒడ్డు పణము క్రమముగా పెరుగుచు, తుదిగెలుపు వెనుకటి గెలుపులన్నిటికంటె అధికమైన వెలకు లభించుటయే ఆ కారణము.

పణము వేరు, విఘ్నము వేరు. శత్రువు బలము విఘ్నము. గెలువగోరువాడు పోగొట్టుకొనుటకు సిద్ధపడినది పణము. రాక్షసుని వెనుక మరింత పెద్ద రాక్షసుని నిలిపినచో విఘ్నము పెరుగునే కాని పణము పెరుగదు. ఈ భేదమును భారతమే ద్యూతసభలో సాక్షాత్తుగ ప్రదర్శించినది. ధర్మరాజు మొదట ధనమును, రథములను, ఏనుగులను, దాసజనమును ఒడ్డెను. పిమ్మట నకులుని, సహదేవుని, అర్జునుని, భీముని, తన్ను తాను, తుదకు ద్రౌపదిని ఒడ్డెను. ఎదుట నున్న శకుని మారలేదు, పాచికలు మారలేదు. మారినది ఒడ్డిన వస్తువొక్కటే. అయినను ప్రతి పందెమునకు శ్రోత గుండె బరువెక్కును. ఇందు గమనింపదగిన మరియొక విశేషము కలదు. ఆ సభలో పోయినదంతయు ధృతరాష్ట్రుని వరములచే అప్పటికి మరలివచ్చెను. పోయినది మరలివచ్చు లోకములో పణమునకు పూర్ణమైన బరువు లేదు. ఆ బరువును తరువాతి కథ కూర్చవలసి యున్నది.

ఈ కొలతతో నాటకముల వరుసను పరీక్షింతము. బకాసురవధలో కుంతి తన కొడుకునే పంపుచున్నది; ధర్మరాజు తల్లిని తప్పుపట్టుచున్నాడు. పణము పెద్దదే. కాని భీముడు నవ్వుచు పోయి నవ్వుచు వచ్చును. బ్రాహ్మణ కుటుంబము నిలిచెను, ఊరు బ్రతికెను, పాండవులు పోగొట్టుకొన్నది లేదు. ద్రౌపదీ స్వయంవరము కూడ ఇట్టిదే. వెల లేని గెలుపులు మొదట నుండుట అవసరమే. గెలుపు సులభమను నమ్మిక ప్రేక్షకునకు కలుగనిచో దానిని తరువాత తీసివేయుట సాధ్యము కాదు.

కీచకవధయందు మార్పు మొదలగును. ద్రౌపది రాత్రివేళ వంటయింటికి వచ్చి భీముని లేపును. అక్కడ ఒడ్డిన పణము భీముని ప్రాణము కాదు, అజ్ఞాతవాసము. బయటపడినచో మరల పండ్రెండేండ్ల అరణ్యవాసము. కీచకుడు చచ్చెను గాని గెలుపు అంతటితో తీరలేదు. ఉపకీచకులు ద్రౌపదిని శవముతో దహింప నీడ్చుకొనిపోవుదురు. రాణి ఆమెను పురము విడువుమనును. కీచకుని చావువార్తయే కౌరవులను విరాటుని ఆలమందలమీదికి తెచ్చును. ఒక గెలుపు మరియొక ఆపదకు తల్లియగుట ఇచట స్పష్టము. ఇట్లు కూర్చినందుననే కీచకవధకు పిమ్మట గోగ్రహణము అనివార్యముగ తోచును.

యుద్ధదినములలో వెల ముందుగనే చెల్లింపబడును. అభిమన్యుడు పోయిన పిమ్మటనే సైంధవవధ. అందును అర్జునుడు, సూర్యాస్తమయము లోపల చంపనిచో అగ్నిప్రవేశము చేయుదునని తన ప్రాణమునే ఒడ్డెను. ద్రోణుడు కూలుటకు ధర్మరాజు సత్యమును ఒడ్డవలసివచ్చెను. నేలకు నాలుగంగుళముల మీద నడచెడి అతని రథము నేలనంటెను. పుత్రుడు పోయెను, పిమ్మట సత్యము చెడెను. కర్ణుడు కూలినప్పుడు వెల ఎంతయో గెలిచినవారికే తెలియదు. చంపినది అన్నననియు, ఆ సంగతి తల్లికి మొదటినుండి తెలియుననియు యుద్ధానంతరమున తర్పణవేళ వెల్లడియగును. ప్రేక్షకునకు మాత్రము ముందే తెలియును. గెలుపు వేళ రంగస్థలము మీద జయధ్వానము, ప్రేక్షకులలో నిశ్శబ్దము: ఈ రెండును ఒక్కమారు కలుగుటకు ఈ తెలివిడియే హేతువు.

ఇక కడపటి దినము. మట్టి విగ్రహము చుట్టును, దానిమీదను భీమ దుర్యోధన వేషధారులు గదలతో తిరుగుదురు. తొడపై దెబ్బ పడును, ఎఱ్ఱనీరు పొంగును, ద్రౌపది ఆ నెత్తురుతో విరబోసిన జుట్టు ముడుచును. సభలో ద్రౌపదికి తొడ చూపినవాని తొడయే విరిగినందున ద్యూతసభ అప్పు తీరినట్లు కనబడును. కాని నాభికి క్రింద కొట్టుట గదాయుద్ధ ధర్మమునకు విరుద్ధము. బలరాముడు కోపించి వెడలిపోయినాడు. ఇది మొదటి వెల. రెండవది ఆ రాత్రిదే. నిద్రించు శిబిరముపై అశ్వత్థామ పడి ద్రౌపది అయిదుగురు కుమారులను, ధృష్టద్యుమ్న శిఖండులను చంపెను. ముడిచిన జుట్టు ముడిచినట్లే యుండగ ఆమెకు పుత్రులు లేరు, సోదరులు లేరు. ఉత్తర గర్భమునందలి శిశువు ఒక్కటే వంశమునకు మిగిలినది. అస్త్రము దానిని కూడ విడువలేదు. జూదములో పోయిన ద్రౌపది మరలి వచ్చెను. గెలిచిన యుద్ధములో పోయిన బిడ్డలు రారు.

భట్టనారాయణుని వేణీసంహారముతో పోల్చినచో ఈ నిర్మాణ విశేషము తేటపడును. అందును వేణిని కట్టుటయే ఫలము. కాని కవి తుదియంకమున వెలను మాటలచే కల్పించెను. రాక్షసుడొకడు మునివేషమున వచ్చి భీముడు పడెనని చెప్పగ, ధర్మరాజు, ద్రౌపది అగ్నిప్రవేశమునకు సిద్ధపడుదురు. నిజము తెలిసిన వెంటనే ఆ భయము తొలగును. అది ఒక క్షణపు ఆందోళనమే. నాటకము ముగియునప్పటికి వెల మిగులదు. భారతోత్సవ కథలో సౌప్తికము ఆ వెలను నిలుపును.

ఈ వరుసకు హాని ఎట్లు కలుగునో కూడ చెప్పవలయును. ఊరి శక్తి చాలక రాత్రులు తగ్గించునపుడు, జనరంజకములని తపస్సును, కర్ణ ఘట్టమును ఉంచి సైంధవ, ద్రోణ ఘట్టములను తీసివేసినచో, దుర్యోధనవధ ఉన్నట్టుండి ఊడిపడును. మద్దెల వేగము పెంచినను లోటు తీరదు. పరీక్ష సులభము: రెండు రాత్రులను తారుమారు చేసి ఆడినను ఏమియు చెడనిచో అవి మెట్లు కావు, పక్క పక్కన నిలిచిన రాళ్లు. కీచకవధను బకవధకు ముందు పెట్టుడు, కథ కుంటుపడును. అర్జున తపస్సును మాత్రము రెండు మూడు చోట్ల ఉంచవచ్చును. అందు వెలకంటె దర్శనము ప్రధానము, సంతానార్థినులు తడిగుడ్డలతో ఆ మాను క్రింద సాగిలపడుట అందులకే.

కావున కడపటి దినమున కన్నీరు పెట్టు ముదుసలి భీముని గెలుపును నిరాకరించుట లేదు. పదునెనిమిది దినములు వినుచు వచ్చిన లెక్కను ఆమె ముగించుచున్నది. ఆ లెక్కలో ప్రతి గెలుపునకు ఎదురుగ ఒక వెల వ్రాయబడి యుండుటయే ఈ వీథినాటకముల సంవిధానమునకు ప్రాణమని మేము భావింతుము.