కొంగ ఎగిరిపోతే ఆమె ఏం చేస్తుంది?

కథకి మన చేతిలో ఉన్నది ఒక చోటూ, ఒక మనఃస్థితీ మాత్రమే అయినప్పుడు కథానాయికకి ఏం కావాలో ఎలా తేలుతుంది? ఏటిగట్టు, మబ్బు, దిగులు అనుకోగానే ఆమె ఎవరికోసమో ఎదురుచూస్తోందని రాసేస్తాం. ఆ ‘ఎవరో’ దాదాపు ఎప్పుడూ మగవాడే. ఈ అలవాటు ఎంత పాతదో, దాన్ని పరీక్షించే పద్ధతి కూడా అంత పాతదే. గాథాసప్తశతిలోని ఒక్క గాథ చాలు, రెండూ కనిపిస్తాయి.

శాతవాహన రాజు హాలుడి పేరు మీద ఉన్న ఈ ప్రాకృత సంకలనంలో, మొదట్లోనే ఒక చిన్న గాథ ఉంది. అందులో చెప్పింది ఇంతే: తామరాకు మీద కొంగ కదలకుండా నిలబడి ఉంది, చూడు. మరకతపు పళ్ళెంలో పెట్టిన శంఖంలా ఉంది. అంతకు మించి ఏమీ లేదు. ఎవరు అంటున్నారో, ఎవరితో అంటున్నారో, ఎందుకో లేదు. అంటున్నది స్త్రీ అని కూడా గాథలో లేదు.

పదకొండో శతాబ్దంలో కాశ్మీరు అలంకారికుడు మమ్మటుడు కావ్యప్రకాశంలో దీన్ని ఉదాహరణగా తీసుకుని మెట్టుమెట్టుగా వివరించాడు. కొంగ కదలడం లేదంటే దానికి భయం లేదు. భయం లేదంటే అక్కడ మనుషుల అలికిడి లేదు. కాబట్టి ఇది కలుసుకోవడానికి అనువైన చోటని ఒక స్త్రీ ఒక పురుషుడితో అంటోంది. వెంటనే ‘లేదా’ అని ఇంకో అర్థం కూడా ఇచ్చాడు. నువ్వు అబద్ధం చెబుతున్నావు, నువ్విక్కడికి రానేలేదు అని ఆమె నిలదీస్తోంది. వచ్చి ఉంటే కొంగ ఇంత నిబ్బరంగా ఉండేదా అని.

ఇక్కడ ఆగి చూడాలి. మొదటి రెండు మెట్లూ కొంగ ఇచ్చినవి. మూడో మెట్టు వ్యాఖ్యాత ఇచ్చింది. మనుషులు లేని చోటు అన్నంతవరకు గాథలో ఆధారం ఉంది. అక్కడ స్త్రీకి కావలసింది ప్రియుడే అన్నదానికి లేదు. అది శృంగార కావ్య సంప్రదాయం నుంచి వచ్చి ఆ ఖాళీలో కూర్చుంది. అయినా మమ్మటుడి ‘లేదా’ చాలా విలువైనది. ఒకే చోటు, ఒకే నిశ్శబ్దం, రెండు వేరువేరు కోరికలు. ఒకామె పిలుస్తోంది, ఇంకొకామె లెక్క అడుగుతోంది.

మరి మనం మూడో కోరిక పెట్టవచ్చా? పెట్టవచ్చు, కానీ ఏదిపడితే అది కాదు. ఆమెకి ఒంటరితనం కావాలి అంటే వినడానికి బాగుంటుంది. కానీ ‘చూడు’ అన్న మాట దానికి అడ్డం వస్తుంది, పక్కన ఇంకో మనిషి ఉన్నారు. ఆ మనిషి స్నేహితురాలైతే? ఎవరి కళ్ళూ పడని చోట కాసేపు కూర్చుని, ఇంట్లో అనలేని మాటలు అనుకోవడం ఆమెకి కావాలి. మమ్మటుడి మెట్లు చెక్కుచెదరవు, చివరిది మాత్రమే మారుతుంది.

కోరిక నిలుస్తుందో లేదో తెలుసుకోడానికి నేను వేసుకునే ప్రశ్న ఒకటే. ఈ క్షణంలో కొంగ ఎగిరిపోతే ఆమె ఏం చేస్తుంది? పిలిచిన ఆమె, ఎవరో వస్తున్నారని గ్రహించి తప్పుకుంటుంది. నిలదీసిన ఆమె, అలికిడైతే అది ఎలా ఎగిరిందో చూశావా అని అతని మొహంలోకే చూస్తుంది. స్నేహితురాళ్ళు మాట మధ్యలో ఆపేసి బిందెలు ఎత్తుకుంటారు. మూడు కోరికలు, మూడు పనులు. అదే ఆమె దూరదేశం వెళ్ళిన భర్త కోసం దిగులుపడుతోందంటే కొంగ ఉన్నా ఎగిరినా తేడా పడదు. అప్పుడు ఆ కోరిక ఆ చోటులోంచి పుట్టలేదని, మనం బయటినుంచి తెచ్చి అతికించామని తెలిసిపోతుంది.

ఇప్పటి కథకీ ఇది పనికొస్తుంది. చిన్న ఊరి బస్టాండు, రాత్రి, బెంగ. ఆఖరి బస్సు వెళ్ళిపోయింది. ఒకామె సంచి ఒళ్ళో పెట్టుకుని, బెంచీలన్నీ ఖాళీగా ఉన్నా ట్యూబ్‌లైటు కిందున్న బెంచీ మీదే కూర్చుంది. ఎవరో రావాలని రాసే ముందు, ఆ లైటు ఆరిపోతే ఏం చేస్తుందో అడగాలి. మనిషి కోసం చూస్తుంటే చీకట్లోనూ అక్కడే కూర్చోవచ్చు. నలుగురి కంటపడే వెలుగులో తెల్లవారేదాకా క్షేమంగా గడిపి, ఇంటికి మాత్రం వెళ్ళకుండా ఉండాలన్నది ఆమె కోరికైతే, లేచి ఇంకో వెలుగు వెతుక్కోవాలి. కథ అక్కడ కదులుతుంది.

అలంకారికుడు ‘లేదా’ అని రెండు అర్థాలనూ పక్కపక్కన ఉంచగలడు. కథ రాసే ఆమె ఒకటి ఎంచుకోక తప్పదు. బెంగ ఆమెకి ఏదో లేదని మాత్రమే చెబుతుంది. ఆ లేనిదేమిటో చెప్పేది ఆమె ఎంచుకున్న ఆ బెంచీయే.